ఫోటోలో చేతులు: ఎంత దిద్దాలి, ఎక్కడ ఆపాలి

పోర్ట్రెయిట్‌లో ముఖాన్ని దిద్దడానికి గంట కేటాయించే రీటచర్లు కూడా చేతుల దగ్గరికి వచ్చేసరికి తొందరపడతారు. చాలా ఫోటోల్లో దొంగతనం బయటపడేది అక్కడే. చేతిమీద కనిపించే ప్రతి లోపంలోనూ మూడు విషయాలు కలిసి ఉంటాయి: రంగు, నీడ, ఆకారం. రంగును చాలావరకు సరిచేయవచ్చు, నీడను కొంత తగ్గించవచ్చు, ఆకారం జోలికి మాత్రం పోకూడదు. చేతుల రీటచింగ్ అంతా ఈ వరుసలోనే నడుస్తుంది.

పెళ్లి ఆల్బమ్‌లలో తరచుగా కనిపించే ఒక ఫోటోను తీసుకుందాం. పెళ్లికూతురి చేతిమీద తల్లి చెయ్యి వేసి కూర్చుంది. ఎడమవైపు కిటికీ నుంచి వెలుతురు పడుతోంది. తల్లికి యాభై దాటాయి. చేతి నరాలు ఉబ్బి ఉన్నాయి, కణుపులు పొడిబారి తెల్లగా పొలుసు లేచాయి. పెళ్లికూతురి చూపుడువేలి గోటిమీద మెరూన్ పాలిష్ కొస దగ్గర పెచ్చు ఊడింది. రెండు చేతులనూ ఒకేలా నున్నగా చేస్తే తల్లీకూతుళ్ల వయసు తేడా మాయమై ఫోటోకే అర్థం పోతుంది.

మొదట నరాలు. ఇవి ఫోటోలో నీలంగా ఉన్నాయనిపిస్తుంది గానీ, ఫోటోషాప్‌లో ఆ చోట రంగును ఎంచి చూస్తే చాలాసార్లు బూడిద కలిసిన గోధుమరంగే వస్తుంది. నరం ఉన్నచోట ఎరుపు కాంతి చుట్టూ ఉన్న చర్మంలో కంటే తక్కువగా వెనక్కి వస్తుంది, ఆ పోలికలో కంటికి అది నీలంగా తోస్తుంది. అందుకే నీలాన్ని తీసేయాలని స్లైడర్లు లాగడం వృథా. కొత్త లేయర్ తెరిచి దాని మోడ్ Colour అని పెట్టి (కొన్ని వెర్షన్లలో Color అని ఉంటుంది), పక్కనున్న చర్మం రంగును ఎంచుకుని, మెత్తటి బ్రష్‌తో 20 నుంచి 30 శాతం ఒపాసిటీలో నరం వెంట నెమ్మదిగా పూయాలి. ఈ మోడ్‌లో రంగు మాత్రమే మారుతుంది, వెలుగునీడలు అలాగే ఉంటాయి. సగం పని ఇక్కడే అయిపోతుంది. చాలా ఫోటోలకు ఇంతకుమించి అక్కర్లేదు కూడా.

ఇంకా నరం ఎత్తుగా కనిపిస్తే అది నీడవల్ల. మన ఫోటోలో వెలుతురు ఎడమనుంచి వస్తోంది కనుక ప్రతి నరానికీ ఎడమ అంచున సన్నటి మెరుపు, కుడి అంచున నల్లటి చార ఉంటాయి. వెలుగు కొద్దిగా పెంచిన Curves లేయర్ వేసి, దాని మాస్క్‌ను పూర్తిగా నలుపు చేసి, తెల్లటి బ్రష్‌ను 3 నుంచి 5 శాతం ఫ్లోలో పెట్టి ఆ నల్లచార మీదే నడిపించాలి. చార సగం తేలికైతే చాలు. హీలింగ్ బ్రష్‌తో నరాన్ని మొత్తంగా తుడిచేయాలని చూస్తే, చేతి వెనకవైపు చర్మంలో వలలా అల్లుకున్న సన్నటి గీతలు చెదిరిపోయి అక్కడ మైనం పూసినట్టవుతుంది. బుగ్గమీది చర్మాన్ని తెచ్చి అతికితే ఇంకా అన్యాయం. బుగ్గమీద ఉండేవి రంధ్రాలు, చేతిమీద ఉండేవి గీతలు.

ఇక్కడే ఒక పొరపాటు జరుగుతుంటుంది. మణికట్టు వైపునుంచి ఒక్కో వేలికీ తిన్నగా వెళ్లే గట్లు నరాలు కావు, వేళ్లను కదిలించే స్నాయువులు. నరాలు వంకరలు తిరిగి కొమ్మలుగా చీలుతాయి. స్నాయువులు విసనకర్ర పుల్లల్లా విచ్చుకుంటాయి. వీటిని కూడా చదును చేస్తే చెయ్యి వాచినట్టు కనిపిస్తుంది. అసలు ఫోటో తీయడానికి ముందే చేతులను ఓ అరనిమిషం గుండెకంటే ఎత్తులో ఉంచమంటే నరాల్లో రక్తం దిగి ఉబ్బు తగ్గుతుంది. కంప్యూటర్ ముందు పావుగంట పని తప్పుతుంది.

పొడి కణుపులకూ ముందుజాగ్రత్తే మేలు. కాస్త కొబ్బరినూనె రాసి తుడిస్తే పొలుసు అణుగుతుంది. అప్పటికే ఫోటో తీసేసి ఉంటే, ఖాళీ లేయర్ మీద Healing Brush తీసుకుని, Sample దగ్గర Current & Below ఎంచుకుని, పొలుసుకంటే కాస్త పెద్ద బ్రష్‌తో ఒక్కొక్కదాన్నీ విడిగా తీయాలి. నమూనా అదే వేలి కణుపు నుంచి తీసుకోవాలి. మిగిలిన బూడిదరంగును నరాలకు చేసినట్టే Colour లేయర్‌తో సరిచేస్తే చర్మానికి జీవం వస్తుంది.

కణుపుల మీది ముడతలు మాత్రం ఉండాల్సినవే. వేలు వంగడానికి అక్కడ చర్మం వదులుగా ఉంటుంది, వేలు చాచినప్పుడు అదే ముడతపడుతుంది. చాచిన వేలిమీద ముడతలు లేకపోతే ఆ వేలు ఎన్నడూ వంగనిదిలా అనిపిస్తుంది. మన చర్మఛాయల్లో కణుపులు మిగతా చేతికంటే నల్లగా ఉండటం కూడా సహజమే. ఆ తేడాను మూడోవంతు తగ్గించి వదిలేయడం మంచిది.

గోళ్ల దగ్గర పని కచ్చితంగా ఉండాలి. పెచ్చు ఊడిన గోటిని పెన్ టూల్‌తో చుట్టి సెలెక్షన్ చేసి, అంచును 1 పిక్సెల్ మాత్రం మెత్తబరచాలి. గోరు అడ్డంగా వంపు తిరిగి ఉంటుంది కనుక ఒక పక్కనుంచి మరో పక్కకు వెలుగు మారుతూ పోతుంది. పొడవునా మాత్రం అంతగా మారదు. కాబట్టి Clone Stamp నమూనాను పెచ్చుకు పక్కనుంచి కాక, తిన్నగా కిందనుంచి, అంటే గోరు మొదలువైపు నుంచి తీసుకోవాలి. పాలిష్‌మీద కిటికీ వెలుతురు ఒక నిలువు మెరుపుగా పడి ఉంటుంది. పెచ్చు దగ్గర అది తెగిపోయి ఉంటే అదే వెడల్పుతో కొసదాకా కొనసాగించాలి. రంగు ఎంత బాగా కలిసినా ఈ మెరుపు తెగితే అతుకు తెలిసిపోతుంది.

సగం గోరు ఊడిపోయి ఉంటే అదే చేతిలో అదే దిశలో ఉన్న మరో వేలి గోటిని తెచ్చి పెట్టవచ్చు. తిప్పవచ్చు, పరిమాణం తగ్గించవచ్చు. కుడిఎడమలు మాత్రం తారుమారు చేయకూడదు, మెరుపు కూడా తారుమారై వెలుతురు రెండు దిక్కులనుంచి వచ్చినట్టవుతుంది. గోరు మొదట్లో పాలిష్‌కూ చర్మానికీ మధ్య ఉండే వెంట్రుకవాసి ఖాళీని, అక్కడి సన్నటి నీడను పూడ్చకూడదు. అవి పోతే గోరు అతికించినట్టు కనిపిస్తుంది. తల్లి గోళ్లకు పాలిష్ లేదు. వాటి పసుపుదనం కొద్దిగా తగ్గిస్తే సరిపోతుంది. గోరింటాకు పండిన ఎరుపు ఉంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

చివరిగా చేతినీ ముఖాన్నీ కలిపి చూడాలి. పెళ్లికూతురి ముఖానికి ఫౌండేషన్ ఉంటుంది, చేతులకు చాలాసార్లు ఉండదు. మరో Curves లేయర్‌తో చేతుల్ని ముఖం ఛాయకు సగం దూరం మాత్రమే తీసుకురావాలి. పూర్తిగా కలిపితే గాజుల పైన ముంజేతి మధ్యలో ఎక్కడో ఒక గీత తేలుతుంది.

దిద్దిన లేయర్లన్నీ ఒక గ్రూపులో పెట్టి, ఫోటో మొత్తం తెరమీద కనిపించేలా చిన్నది చేసి, గ్రూపును ఆపి, వేసి చూడాలి. చూపు ముందు చేతులమీదికే వెళ్తుంటే పని ఎక్కువైనట్టు. అప్పుడు గ్రూపు ఒపాసిటీని 70కి దించితే చాలాసార్లు సరిపోతుంది. తల్లి చేతులు ఆమె మెడకంటే చిన్న వయసులో కనిపిస్తుంటే అదీ చాలదు, నరాల నీడ తగ్గించిన లేయర్‌ను తీసేయాల్సిందే.