నీళ్లు ఎప్పుడు ఆగుతాయి, ఎప్పుడు వస్తాయి?

‘రేపు నీళ్లు రావు. సహకరించగలరు.’ అపార్ట్‌మెంట్ బోర్డు మీద తరచూ కనిపించే నోటీసు ఇది. అంటించిన రోజు దీనికి అర్థం ఉంటుంది. మర్నాడు చదివిన వాళ్లకు ‘రేపు’ అంటే ఇంకో రోజు. అందుకే నీటి నోటీసులో తేదీ, వారం రెండూ ఉండాలి.

అంతకంటే పెద్ద పొరపాటు సమయం దగ్గర జరుగుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పైన ఉన్న 20,000 లీటర్ల ట్యాంకును ఉదయం 10 గంటలకు కడగడం మొదలుపెట్టి మధ్యాహ్నం 2 గంటలకు ముగిస్తారు. మోటారు గంటకు 5,000 లీటర్లు ఎక్కిస్తుందనుకుంటే, సగం ట్యాంకు నిండడానికే 2 గంటలు పడుతుంది. అంటే వాల్వులు తెరిచేది 4 గంటలకు. కాస్త వెసులుబాటు ఉంచుకుని 5 గంటలని రాయాలి. ఇంట్లో ఉన్నవారికి కావలసింది పని ముగిసే వేళ కాదు, కుళాయిలో నీళ్లు వచ్చే వేళ.

ఎంత నీరు పట్టుకోవాలో, ఎప్పుడు పట్టుకోవాలో కూడా చెప్పాలి. ఆ ఉదయమే 40 ఫ్లాట్లవాళ్లు ఒకేసారి బకెట్లు నింపుకుంటే ట్యాంకు ముందే ఖాళీ అవుతుంది. ముందు రోజు రాత్రే పట్టుకోమనడం మంచిది. ఇవన్నీ కలిపితే నోటీసు ఇలా ఉంటుంది:

నోటీసు
తేదీ: 10-06-2025, మంగళవారం
విషయం: నీటి సరఫరా నిలిపివేత

ట్యాంకు శుభ్రపరిచే పని కారణంగా 12-06-2025, గురువారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 గంటల వరకు ఎ, బి బ్లాకులకు నీటి సరఫరా ఉండదు.

1. అవసరమైన నీటిని బుధవారం రాత్రే పట్టి ఉంచుకోవాలి.
2. అత్యవసరమైతే వాచ్‌మన్ గది పక్కనున్న బోరు కుళాయి నుంచి వాడుక నీరు తీసుకోవచ్చు. ఈ నీరు తాగడానికి కాదు.
3. బయటకు వెళ్లేటప్పుడు కుళాయిలన్నీ కట్టేయాలి.
4. నీళ్లు వచ్చాక మొదట వచ్చే మట్టి నీటిని బకెట్లో పట్టి, తేటపడిన తర్వాతే వాటర్ ప్యూరిఫయర్, వాషింగ్ మెషిన్ వాడాలి.

పనిలో ఆలస్యమైతే సాయంత్రం 4 గంటలకు ఇదే బోర్డులో తెలియజేస్తాము.

కార్యదర్శి,
అపార్ట్‌మెంట్ సంక్షేమ సంఘం

మూడో సూచనను చాలామంది వదిలేస్తారు. నీళ్లు రాని వేళ తిప్పి చూసిన కుళాయిని అలాగే వదిలేస్తే, సరఫరా మొదలయ్యాక తాళం వేసిన ఇంట్లో నీరు పొర్లి కింది ఫ్లాటుకు కారుతుంది. నాలుగోది కూడా అంతే. ఖాళీ అయిన పైపుల్లో పేరుకున్న మడ్డి మొదటి ధారతోనే కదిలి వస్తుంది. అది ప్యూరిఫయర్‌లోకి పోతే ఫిల్టరు మూసుకుపోతుంది.

నోటీసును కనీసం ఒక రోజు ముందు, లిఫ్టు దగ్గరా మెట్ల దగ్గరా పెద్ద అక్షరాలతో అంటించండి. పని పూర్తయ్యాక మరిచిపోకుండా తీసేయండి. పాత నోటీసులు బోర్డు మీదే ఉండిపోతే కొత్తది ఎవరి కంటా పడదు.