పదమూడేళ్ల తలకు వారానికో తలంటు చాలదు

పిల్లలు ఏడో తరగతో ఎనిమిదో తరగతో చేరేసరికి చాలా ఇళ్లలో ఒకే మాట వినిపిస్తుంది. ఆదివారం పొద్దున తలంటు పోస్తే మంగళవారం సాయంత్రానికే జుట్టు జిడ్డోడుతోందని. పాపిడికి రెండు పక్కలా వెంట్రుకలు పాయలు పాయలుగా అతుక్కుంటాయి. బుధవారానికి దురద మొదలవుతుంది, గురువారానికి తల దగ్గర ఒక రకం వాసన. "నిన్నమొన్నటి దాకా వారానికోసారి పోస్తే సరిపోయేది కదా, ఇప్పుడేమైంది?" అని తల్లులు అడుగుతారు. నిజమే, సరిపోయేది. పిల్ల అశ్రద్ధ ఇందులో ఏమీ లేదు. వయసుతో పాటు తల మీది చర్మం పనితీరే మారిపోయింది.

ప్రతి వెంట్రుక కుదురునూ అంటిపెట్టుకుని చిన్న తైలగ్రంథి ఉంటుంది. అది స్రవించే జిడ్డు పదార్థాన్ని డాక్టర్లు సీబమ్ అంటారు. చర్మం ఎండిపోకుండా, వెంట్రుక పెళుసెక్కకుండా కాపాడేది అదే. అరచేతుల్లో, అరికాళ్లలో ఈ గ్రంథులు ఉండవు. తల, ముఖం, ఛాతీ, వీపు మీద మాత్రం దట్టంగా ఉంటాయి. పుట్టిన కొత్తలో తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల ఇవి కొన్నాళ్లు చురుగ్గా పనిచేస్తాయి. కొందరు పసిపిల్లల మాడు మీద పచ్చటి పొలుసు కట్టడానికి అదొక కారణం. తర్వాత బాల్యమంతా నిద్రపోయినట్టే ఉంటాయి. ఏడెనిమిదేళ్ల వయసు దాటాక ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు పెరగడం మొదలై, యుక్తవయసులో ఆ గ్రంథులను పెద్దవి చేస్తాయి. ఆండ్రోజెన్లు మగపిల్లల్లోనే ఉంటాయనుకోవడం పొరపాటు. ఆడపిల్లల్లోనూ ఉంటాయి, మోతాదే తక్కువ. గ్రంథుల సంఖ్య పెరగదు, ఒక్కొక్కటీ స్రవించే జిడ్డు పెరుగుతుంది. ముఖం మీద మొటిమలు, తలలో జిడ్డు ఒకే ఏడాది కనబడటానికి కారణం ఇదే.

ఇక్కడే ఒక అపోహ బలంగా పాతుకుపోయింది. తరచూ తలస్నానం చేస్తే చర్మం ఎండిపోయి, ఆ లోటు తీర్చుకోవడానికి గ్రంథులు ఇంకా ఎక్కువ జిడ్డు ఊరిస్తాయని చాలామంది నమ్ముతారు. కానీ గ్రంథికి ఆదేశాలు వెళ్లేది లోపలి హార్మోన్ల నుంచి. పైన ఉన్న జిడ్డును కడిగినంత మాత్రాన అది వేగం పెంచదు, కడగకుండా వదిలేస్తే తగ్గించదు. 'షాంపూ పెడితే జుట్టు రాలుతోంది' అన్నది మరో భయం. రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకల దాకా ఎవరికైనా ఊడతాయి. వారం పాటు జడలోనే చిక్కుకుని ఉన్నవన్నీ తలంటు రోజు ఒక్కసారిగా చేతిలోకి వస్తాయి. రెండు రోజులకోసారి కడిగితే ఆ ఉండ చిన్నదవుతుంది.

ఇక మన ఇళ్లలో అసలు విషయం నూనె. రోజూ పొద్దున కొబ్బరినూనె రాసి, బిగించి రెండు జడలు వేసి, రిబ్బన్లు కట్టి బడికి పంపడం తరతరాల అలవాటు. చాలా స్కూళ్లు, హాస్టళ్లు కూడా అదే కోరతాయి. పేలు ఒకరి నుంచి ఒకరికి అంటకుండా జడ బిగించి ఉంచడం మంచిదే. నూనె మాత్రం ఈ వయసులో లెక్క మార్చుకోవాలి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, తలస్నానం వేళ వెంట్రుక ప్రొటీన్ కోల్పోకుండా కొంతవరకు కాపాడుతుంది. ఆ మేలు వెంట్రుకకు. జిడ్డు ఊరుతున్న చర్మానికి నూనె అదనపు భారమే. అందరి తల మీదా మలసీజియా అనే ఈస్టు నివసిస్తుంది. బతకడానికి కావలసిన కొవ్వు ఆమ్లాలను అది తనంతట తాను తయారుచేసుకోలేదు, చర్మం మీది జిడ్డును విడగొట్టి తీసుకుంటుంది. అలా విడగొట్టినప్పుడు మిగిలే పదార్థాలు కొందరి చర్మాన్ని రేపుతాయి. దురద, పొలుసులు అలా వస్తాయి. దాన్ని చూసి 'తల పొడిబారింది' అని మరో గుప్పెడు నూనె పెడితే దానికి ఇంకొంచెం మేత దొరికినట్టే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. నడుము దాకా జుట్టున్న పదమూడేళ్ల అమ్మాయి. రోజూ నూనె, రెండు జడలు, ఆదివారం తలంటు. నుదుటి మీద, వెంట్రుకల అంచునే వరసగా, చీము లేని చిన్న చిన్న పొక్కులు. బుగ్గలు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పొక్కులు నుదుటి అంచుకే పరిమితం కావడం గట్టి ఆనవాలు. తల నుంచి చెమటతో కిందికి జారే నూనె చర్మరంధ్రాలను మూసేసినప్పుడు ఇలాగే వస్తాయి. మార్పు అవసరమా కాదా తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. తలస్నానం చేసిన మర్నాడు సాయంత్రం, నూనె రాయకముందు, పల్చటి టిష్యూ కాగితాన్ని పాపిడి మీద పది సెకన్లు అదిమి, వెలుతురుకు పెట్టి చూడాలి. కాగితం గీత పొడవునా నూనె పీల్చి పారదర్శకంగా మారితే ఆ తలకు బయటి నూనె అక్కర్లేదు.

ఈ అమ్మాయికి కొత్త క్రమం ఇలా ఉంటుంది. వారానికి మూడు తలస్నానాలు. మంగళ, గురువారాలు తలంటుకు పనికిరావనే పట్టింపు ఉన్న ఇంట్లో ఆది, బుధ, శుక్రవారాలు చక్కగా కుదురుతాయి. బడి ఉన్న రోజు పొద్దున హడావుడిగా చేసి తడి జుట్టునే జడ వేసేకన్నా, సాయంత్రం బడి నుంచి రాగానే చేస్తే పడుకునే వేళకు ఆరుతుంది. తడి జడ లోపల గంటల తరబడి చెమ్మ నిలిచి ముక్క వాసన వస్తుంది. సాయంత్రం తలస్నానం చేస్తే జలుబు చేస్తుందని పెద్దలు సందేహిస్తారు. జలుబుకు కారణం వైరస్, తడి జుట్టు కాదు. అయినా చలికాలంలో గోరువెచ్చని నీళ్లు వాడి వెంటనే తుడిస్తే పిల్లకూ హాయిగా ఉంటుంది. నూనె కావాలనుకుంటే ఆదివారం తలంటుకు గంట ముందు, చెవుల కింది నుంచి కొసల దాకా మాత్రమే రాసి, కడిగేయాలి. మిగతా రోజుల్లో జడ వేసేటప్పుడు వెంట్రుకలు రేగకుండా అరచేతులు తడి చేసుకుని నిమిరితే చాలు.

కడిగే పద్ధతిలోనే ఎక్కువమంది తప్పుతారు. ముందు నీళ్లు కుదుళ్ల దాకా దిగాలి. ఒత్తు జుట్టుకు రెండు మగ్గులు పైపైన పోస్తే పై పొర మాత్రమే తడుస్తుంది. షాంపూ ఒక టీస్పూను, నడుము దాకా జుట్టుంటే రెండు. దాన్ని మగ్గులో కాసిని నీళ్లతో కలిపి, పాపిడి తీస్తూ, చర్మం మీద పోయాలి. చాలామంది షాంపూను జడ పొడవునా పూసి కొసలను రుద్దుతారు. జిడ్డు ఉన్నది పైన, మాడు మీద, చెవుల వెనక, మెడ పైభాగాన. గోళ్లతో గీకకుండా, వేళ్ల కొసల మెత్తటి భాగంతో ఒకటి రెండు నిమిషాలు రుద్దాలి. కిందికి జారే నురగే పొడవు జుట్టును శుభ్రం చేస్తుంది. మొదటిసారి నురగ రాకపోతే కంగారు పడనక్కర్లేదు, జిడ్డు ఎక్కువున్నప్పుడు అలాగే ఉంటుంది. కడిగేసి, సగం మోతాదుతో మళ్లీ రుద్దితే నురగ లేస్తుంది. తర్వాత నీళ్లు జారుడు పోయేదాకా పోయాలి. చెవుల వెనక మిగిలిన షాంపూ ఎండి దురద పెడుతుంది, దాన్నే చుండ్రు అనుకునేవాళ్లున్నారు. కండిషనర్ వాడితే కొసలకే.

పొట్టి జుట్టున్న అబ్బాయిలకు ఇంత శ్రమ లేదు. ఆట ఆడి చెమట పట్టిన ప్రతిరోజూ అర టీస్పూను షాంపూతో తలస్నానం చేసినా ఇబ్బంది లేదు. ఉంగరాల జుట్టు మాత్రం వేరు. మెలికల వెంట జిడ్డు నెమ్మదిగా జారుతుంది కాబట్టి కొసలు త్వరగా ఎండుతాయి. అలాంటివాళ్లకు వారానికి రెండుసార్లు సరిపోవచ్చు. దువ్వెనను మరవకూడదు. పళ్ల సందుల్లో చేరిన నల్లటి జిడ్డు ప్రతి ఉదయం శుభ్రమైన తలకు తిరిగి అంటుతుంది. వారానికోసారి దాన్ని వేడినీళ్లలో షాంపూ చుక్క వేసి నానబెట్టి పాత బ్రష్‌తో తోమాలి. తలగడ గలీబూ అంతే, వారం వారం మార్చాలి.

హాస్టళ్లలో ఇంకో చిక్కుంది. బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పునీళ్లు, పిల్లలు ఒంటి సబ్బుతోనే తల రుద్దుకుంటారు. ఆ నీళ్లలోని కాల్షియం సబ్బుతో కలిసి కరగని తెట్టుగా మారి వెంట్రుకలకు పట్టేస్తుంది. ఆరాక కూడా జుట్టు బంకగా ఉండి, దువ్వితే పళ్లకు తెల్లటి పూత అంటితే అది సబ్బు తెట్టు. ఎంత రుద్దినా సబ్బుతో అది పోదు. షాంపూకు మారి, చివరి మగ్గు నీళ్లు దొరికితే మంచినీళ్లు పోసుకుంటే నాలుగైదు తలస్నానాల్లో తేడా తెలుస్తుంది. కుంకుడుకాయలకు ఈ చిక్కు లేదు, వాటి నురగ ఉప్పునీళ్లలో తెట్టు కట్టదు. రాత్రి నానబెట్టి, గింజలు తీసేసి, పిసికిన రసాన్ని పల్చటి గుడ్డలో వడకట్టి వాడాలి. లేకపోతే తొక్కల పిప్పి కుదుళ్లలో చిక్కుతుంది. కళ్లలో పడితే భగ్గున మండుతుంది కనుక తల వెనక్కి వంచి పోసుకోవడం మేలు. నిమ్మరసం, వంటసోడా మాత్రం తలకు పెట్టకూడదు. గీరుకున్న చర్మం మీద అవి మంట పుట్టిస్తాయి.

ఈ పద్ధతిని నాలుగు వారాలు పాటించాక జిడ్డు అదుపులోకి వచ్చి పొలుసులు మాత్రం మిగిలితే అది చుండ్రే. పసుపుపచ్చగా, జిగటగా, గీరితే గోటికి అంటే పొలుసు అయితే కీటోకొనజోల్ రెండు శాతం ఉన్న షాంపూ పనిచేస్తుంది. ఫార్మసిస్టునో డాక్టరునో అడిగి తెచ్చుకుని, వారానికి రెండుసార్లు రెండు నుంచి నాలుగు వారాలు వాడాలి. దాన్ని రాసి వెంటనే కడిగేస్తే డబ్బు దండగ. మూడు నుంచి ఐదు నిమిషాలు తల మీద ఉంచాకే నీళ్లు పోయాలి. మందు షాంపూ పెట్టని రోజు మామూలు షాంపూ వాడొచ్చు. చుండ్రు మళ్లీ తిరగబెట్టడం సహజం, అప్పుడు వారానికో రెండు వారాలకో ఒకసారి అదే షాంపూతో నిలదొక్కుకోవచ్చు.

కొన్ని సంగతులు షాంపూతో తేలేవి కావు. ఒకచోట గుండ్రంగా వెంట్రుకలు తెగి, ఆ మచ్చ మీద పొలుసు కడితే తామర కావచ్చు. అది కుదురు లోపల ఉంటుంది కాబట్టి నోటి మాత్రలు కావాలి, ఇంట్లో అందరి దువ్వెనలూ విడిగా పెట్టాలి. తలలో చీము కారే పుండ్లు వస్తే ఆలస్యం చేయకూడదు. ఆడపిల్లల్లో తీవ్రమైన జిడ్డు, మందులకు లొంగని మొటిమలతో పాటు గడ్డం కింద ముతక వెంట్రుకలు రావడం, రజస్వల అయి రెండు మూడేళ్లయినా నెలసరి నెలల తరబడి రాకపోవడం ఉంటే గైనకాలజిస్టుకు చూపించాలి. హార్మోన్ల తేడా ఉందేమో రక్తపరీక్షలో చూస్తారు. అప్పుడు తల్లి నెలసరి తేదీలు రాసుకున్న కాగితం పట్టుకెళ్తే డాక్టరుకు సగం పని తేలికవుతుంది.