తెర బొమ్మను మాయం చేసే నాలుగో బైటు

విండోస్ కంప్యూటర్లో Print Screen మీటతో తెర బొమ్మ తీస్తే ఆ దృశ్యం క్లిప్‌బోర్డులోకి చేరుతుంది. దాన్ని పెయింట్‌లో అతికిస్తే ఉన్నదున్నట్టు వస్తుంది. అదే బొమ్మను మరో ఎడిటర్లో అతికిస్తే ఒక్కోసారి బూడిద, తెలుపు గళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఇంకో ఎడిటర్లో అంతా నల్లగా వస్తుంది. తీసిన తెర బొమ్మ ఒక్కటే, క్లిప్‌బోర్డూ ఒక్కటే. తేడా అంతా ప్రతి పిక్సెల్‌లో ఉండే ఒక బైటుకు ఏ ఎడిటర్ ఏ అర్థం చెప్పుకుంటుందన్న దగ్గరే వస్తుంది.

తెర మీద ఒక చుక్క రంగును చెప్పడానికి మూడు అంకెలు చాలు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా ఎంతుందో మూడు బైట్లలో రాస్తారు. కానీ కంప్యూటర్‌కు మూడేసి బైట్ల లెక్క కంటే నాలుగేసి బైట్ల లెక్క సులువు. అందుకే తెర బొమ్మను సాధారణంగా పిక్సెల్‌కు నాలుగు బైట్ల చొప్పున, అంటే 32 బిట్ల చొప్పున దాస్తారు. అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలున్న తెరకు ఇలా 82,94,400 బైట్లు పడతాయి. ఇందులో నాలుగో వంతు, రంగుతో సంబంధం లేని ఆ నాలుగో బైట్లదే.

ఆ నాలుగో బైటుకు రెండు రకాల వాడుక ఉంది. మొదటిది ఉత్త ఖాళీ జాగా. విండోస్ క్లిప్‌బోర్డులో పాతకాలం నుంచి ఉన్న CF_DIB అనే బొమ్మ రూపం 40 బైట్ల శీర్షికతో మొదలవుతుంది. అందులో 32 బిట్లు అనీ, BI_RGB అనీ రాసి ఉంటే నాలుగో బైటును వాడడం లేదని మైక్రోసాఫ్ట్ నియమం. తెరను నకలు తీసే పాత GDI పద్ధతులు ఆ బైటును పట్టించుకోవు కాబట్టి అందులో చాలాసార్లు సున్నాయే మిగులుతుంది.

రెండో వాడుక ఆల్ఫా. పిక్సెల్ ఎంత గట్టిగా కనిపించాలో చెప్పే అంకె ఇది. 255 అయితే వెనకున్నదాన్ని పూర్తిగా కప్పేస్తుంది, 128 అయితే సుమారు సగం కప్పుతుంది, 0 అయితే అద్దంలా వెనకున్నదంతా చూపిస్తుంది. 1970ల చివర్లో న్యూయార్క్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆల్వీ రే స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ ఈ అంకెను రంగులతో పాటే ప్రతి పిక్సెల్‌లో ఉంచే పద్ధతిని రూపొందించారు. 124 బైట్ల శీర్షిక ఉన్న CF_DIBV5 అనే కొత్త రూపంలో నాలుగో బైటు ఆల్ఫాయేనని స్పష్టంగా చెప్పే వీలుంది. CF_DIB పాత శీర్షికలో ఆ వీలు లేదు.

చిక్కు ఇక్కడే పుడుతుంది. పసుపు రంగు పిక్సెల్ ఒకటి తీసుకుందాం. ఎరుపు 255, ఆకుపచ్చ 220, నీలం 0. క్లిప్‌బోర్డులో ఇది నీలంతో మొదలై ఈ వరసలో ఉంటుంది:

```
00 DC FF 00
```

చివరి 00 ఖాళీ జాగా. పెయింట్ లాంటి ప్రోగ్రాం దాన్ని వదిలేసి పసుపు చూపిస్తుంది. 32 బిట్లంటే ఆల్ఫా ఉన్నట్టేనని అనుకునే ఎడిటర్ మాత్రం ఆ 00ను ఆల్ఫాగా చదువుతుంది. పసుపు ఉంది గానీ బొత్తిగా కనిపించకూడదు అని అర్థం చేసుకుని, పారదర్శకతకు గుర్తయిన గళ్ళను చూపిస్తుంది. తెరంతా ఇలాంటి పిక్సెళ్ళే కాబట్టి మొత్తం బొమ్మ మాయమవుతుంది. ఈ దశలో రంగు ఎక్కడికీ పోలేదు. కనిపించవద్దన్న తప్పుడు సూచన దాని మీద పడిందంతే.

నలుపు కథ వేరు. ఆల్ఫాను దాచడానికి రెండు సంప్రదాయాలున్నాయి. ఒకదానిలో రంగును రంగుగానే ఉంచి, ఆల్ఫాను పక్కన రాస్తారు. PNG ఫైళ్ళది ఈ పద్ధతే. రెండోదానిలో రంగును ముందే ఆల్ఫాతో గుణించి దాస్తారు. బొమ్మల మీద బొమ్మలు పేర్చేటప్పుడు లెక్క తేలికయ్యే ఈ మార్గాన్ని 1984లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ తమ పత్రంలో వివరించారు. ఎడిటర్ లోపల ఈ రెండో పద్ధతి ఉంటే, అతికించగానే 255ను, 220ను 0తో గుణిస్తుంది. మూడు రంగులూ సున్నా అవుతాయి. మూడూ సున్నా అంటే నలుపే. ఆ బొమ్మను ఆల్ఫాకు చోటులేని JPEGగా దాచినప్పుడు ఆ నలుపు బయటపడవచ్చు. సున్నాతో గుణించినదాన్ని వెనక్కి తీసే దారి లేదు, తెర బొమ్మను మళ్ళీ తీయాల్సిందే.

ఏది జరిగిందో పోల్చుకోవడానికి ముందు అదే క్లిప్‌బోర్డును పెయింట్‌లో అతికించి చూడాలి. అక్కడ సరిగా వస్తే తప్పు నాలుగో బైటుదే. అక్కడా నల్లగానే ఉంటే కారణం వేరు. నకలు తీయనివ్వని సినిమా వీడియోలు ఇలాగే నల్లటి చతురస్రంగా వస్తాయి, వాటిలో అసలు రంగే అందలేదు. పెయింట్‌లో బాగా వచ్చిన బొమ్మను అక్కడి నుంచే 24 బిట్ల BMPగా గానీ JPEGగా గానీ దాచి, ఆ ఫైలును ఎడిటర్లో తెరవడం అన్నిటికంటే తేలిక మార్గం.

గళ్ళు కనిపించిన ఎడిటర్లోనే బాగుచేయాలంటే ఒక జాగ్రత్త అవసరం. జింప్‌లో Remove Alpha Channel నొక్కితే సరిపోతుందని అనిపిస్తుంది. కానీ అది పారదర్శకమైన చోట్లను వెనక రంగుతో నింపేస్తుంది, చేతికి మిగిలేది తెల్ల కాగితం. చేయాల్సింది ఆల్ఫాను పెంచడం. Levels పెట్టెలో Alphaను ఎంచుకుని, కింది అవుట్‌పుట్ పట్టీ ఎడమ కొసను కుడి చివరిదాకా జరిపితే ప్రతి పిక్సెల్ ఆల్ఫా పూర్తి విలువకు చేరి, రంగులు బయటికొస్తాయి. రంగులు చెడకుండా PNGగా దాచిన బొమ్మ ఉంటే, ఇమేజ్‌మ్యాజిక్‌లో అదే పని ఒక్క వరసలో అవుతుంది:

```
magick shot.png -alpha off fixed.png
```

ఇక్కడ `off` ఆల్ఫాను పక్కన పెట్టి రంగును అలాగే ఉంచుతుంది. దాని బదులు `remove` రాస్తే వెనక రంగుతో నింపుతుంది, పై ఇబ్బందే మళ్ళీ వస్తుంది.

ఎడిటర్లు రాసేవారు ఈ తికమకను రెండు పరీక్షలతో దాటుతారు. బొమ్మంతటా నాలుగో బైటు సున్నాయే అయితే, కనిపించని బొమ్మను ఎవరూ కావాలని నకలు తీయరు కాబట్టి ఆ బైటును వదిలేయాలి. రెండోది గుణించి దాచిన రంగులకు సంబంధించింది. అక్కడ ఏ రంగూ ఆల్ఫాను మించలేదు, మించితే ఆ బైటు ఆల్ఫా కాదని తేలిపోతుంది. మొదటి పరీక్షకు పరిమితి ఉంది. కిటికీ అంచుల్లో 255, లోపలి అక్షరాల దగ్గర 0 ఉన్న బొమ్మలు వస్తే అది పట్టుకోలేదు, అక్షరాలున్న చోట బొమ్మకు చిల్లులు పడతాయి. అలాంటప్పుడు కూడా ఆల్ఫా మొత్తాన్ని 255కు పెంచితే, గుణకారం జరగనంతవరకు, ఆ అక్షరాలు తిరిగి కనిపిస్తాయి.