పెద్ద గడ్డను వదిలేసి చిన్నదానికి సూది

తల తిరుగుతోందని మెడ రక్తనాళాలకు డాప్లర్ తీయించుకున్న నలభై మూడేళ్ళ గృహిణి రిపోర్టు ఇది. అడగకుండానే అందులో ఇంకో సంగతి బయటపడింది. థైరాయిడ్‌లో రెండు గడ్డలు ఉన్నాయట. ఎడమవైపుది 3.4 సెంటీమీటర్లు, కుడివైపుది 1.2. ఇంట్లో అందరి భయం ఎడమవైపు దాని మీదే. కానీ డాక్టరు దాన్ని పట్టించుకోలేదు. కుడివైపు చిన్నదానికి సూది పరీక్ష చేయించుకొమ్మని రాశారు. (ఈ ఉదాహరణ చాలామంది రిపోర్టుల్లో కనిపించే సంగతులతో కల్పించినది. అంకెల లెక్క మాత్రం డాక్టర్లు నిజంగా వేసుకునేదే.)

పెద్ద గడ్డ అయితే ప్రమాదమని, చిన్నదైతే పరవాలేదని మనం అనుకుంటాం. థైరాయిడ్ విషయంలో ఈ లెక్క సగమే నిజం. ముందు చూసేది గడ్డ ఎలా ఉంది అన్నది. ఎంత ఉంది అన్నది ఆ తర్వాత వస్తుంది. ఎందుకంటే ఈ గడ్డలు మరీ సర్వసాధారణం. మంచి మిషన్‌తో వెతికితే పెద్దవాళ్ళలో వందకు ఇరవై నుంచి అరవై మంది దాకా మెడలో ఏదో ఒకటి దొరుకుతుంది. వాటిలో క్యాన్సర్ అయ్యేవి చాలా తక్కువ. కనిపించిన ప్రతిదానికీ సూది గుచ్చుకుంటూ పోతే లాభం కన్నా హైరానా ఎక్కువ.

దక్షిణ కొరియాలో జరిగింది ఇదే. 1999లో అక్కడి ప్రభుత్వం క్యాన్సర్ పరీక్షల పథకం మొదలుపెట్టింది. థైరాయిడ్ స్కానింగ్ ఆ పథకంలో లేదు. అయినా ఆసుపత్రులు కొద్దిపాటి ఖర్చుకే దాన్నీ జోడించి చేశాయి. 2011 నాటికి అక్కడ థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే పదిహేను రెట్లయ్యాయి. ఆ జబ్బుతో చనిపోయేవారి సంఖ్య మాత్రం తగ్గలేదు, పెరగలేదు. ఏ బాధా లేనివాళ్ళకు మెడ స్కానింగ్ కలిపి అమ్మే హెల్త్ ప్యాకేజీ చూసినప్పుడల్లా నాకు కొరియానే గుర్తొస్తుంది.

మరి దేనికి సూది వేయాలి, దేన్ని వదిలేయాలి? దీనికి రేడియాలజిస్టులు ఒక మార్కుల పద్ధతి పెట్టుకున్నారు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ప్రచురించిన టైరాడ్స్ అందులో ఒకటి. మన దగ్గర రిపోర్టుల్లోనూ ‘టీఆర్-3’, ‘టీఆర్-4’ అని కనిపించేది అదే. గడ్డలో ఐదు సంగతులు చూసి మార్కులు వేస్తారు. ఇక్కడ మార్కులు ఎక్కువ వస్తే అనుమానం ఎక్కువని అర్థం.

మొదటిది, లోపల ఏముంది అన్నది. అంతా నీరే అయితే సున్నా. చిన్నచిన్న నీటి గదులతో స్పాంజిలా ఉన్నా సున్నా. కొంత నీరు, కొంత కండ అయితే ఒకటి. పూర్తిగా గట్టిగా ఉంటే రెండు. మన ఉదాహరణలోని 3.4 సెంటీమీటర్ల గడ్డ స్పాంజి రకం. ఆ ఒక్క లక్షణంతోనే దాని లెక్క ముగిసిపోతుంది. మొత్తం సున్నా, అంటే టీఆర్-1. సూది అక్కర్లేదు. మింగడానికో, ఊపిరికో అడ్డొస్తుంటే, చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటే దాని సంగతి చూడొచ్చు. కానీ అది వేరే సమస్య, క్యాన్సర్ భయం కాదు.

రెండోది నలుపు. మామూలు థైరాయిడ్ స్కానింగ్‌లో కాస్త తెల్లగా, సమంగా కనిపిస్తుంది. దాని నిండా జిగురు లాంటి కొల్లాయిడ్ నింపుకున్న సన్నని తిత్తులు ఉంటాయి. వాటి గోడల మీద శబ్ద తరంగాలు తగిలి వెనక్కి వస్తాయి. ఆ తిత్తులు పోయి కణాలు ఒత్తుగా కిక్కిరిసిన చోట ఆ ప్రతిధ్వని తగ్గి, గడ్డ నల్లగా కనబడుతుంది. చుట్టూ ఉన్న థైరాయిడ్ కన్నా నలుపైతే రెండు మార్కులు. మెడ ముందు కండరాల కన్నా కూడా నలుపైతే మూడు. నలుపు ఒక్కటే నేరం కాదు. నల్లటి గడ్డల్లో ఎక్కువ భాగం మామూలువే.

మూడోది ఆకారం. ఐదింటిలో నాకు ఆసక్తిగా అనిపించేది ఇదే. మెడను అడ్డంగా కోసినట్టు చూపే చిత్రంలో గడ్డ పక్కలకు ఎంత ఉంది, చర్మం నుంచి లోపలికి ఎంత ఉంది అని కొలుస్తారు. వెడల్పు కన్నా లోతు ఎక్కువైతే, అంటే గడ్డ నిలువుగా నిలబడినట్టు ఉంటే, ఒక్కసారే మూడు మార్కులు. మామూలు గడ్డలు గ్రంథి పొరల వెంట పక్కలకు విస్తరిస్తాయి, క్యాన్సర్ పొరలను దాటుకుని పెరుగుతుంది అన్నది దీని వెనక ఉన్న వివరణ.

మన కుడివైపు గడ్డకు లెక్క కడదాం. వెడల్పు 0.9, లోతు 1.2, పొడవు 1.1 సెంటీమీటర్లు. పూర్తిగా గట్టిది, రెండు. థైరాయిడ్ కన్నా నలుపు, రెండు. లోతు వెడల్పును మించింది, మూడు. అంచులు నున్నగా ఉన్నాయి, సున్నా. లోపల తెల్ల చుక్కలు లేవు, సున్నా. మొత్తం ఏడు. ఏడు, ఆపైన వస్తే టీఆర్-5, అన్నిటికన్నా అనుమానం ఎక్కువున్న తరగతి. దీనికి ఒక సెంటీమీటరు దాటితే సూది పరీక్ష చెప్తారు. మనది 1.2, కాబట్టి చెప్పారు.

ఇదే గడ్డ పడుకున్నట్టు ఉండి ఉంటే? వెడల్పు 1.2, లోతు 0.9 అనుకోండి. మిగతావన్నీ అవే. ఆ మూడు మార్కులు పోయి మొత్తం నాలుగే అవుతుంది, టీఆర్-4లోకి దిగుతుంది. ఆ తరగతికి సూది హద్దు 1.5 సెంటీమీటర్లు. అప్పుడు సూది ఉండదు, ఏడాదికి మళ్ళీ స్కానింగ్‌కు రమ్మంటారు. మూడు మార్కులు వచ్చే టీఆర్-3కైతే హద్దు 2.5 దాకా పోతుంది. అనుమానం తగ్గేకొద్దీ గడ్డ ఇంకా పెద్దదయ్యేదాకా ఆగవచ్చన్నమాట. మొత్తం నిర్ణయం మూడు మిల్లీమీటర్ల తేడా మీద నిలబడింది కాబట్టి కొలిచే చేయి ముఖ్యం. ప్రోబును ఏటవాలుగా పట్టినా, అడ్డుకోత చిత్రంలో కాకుండా ఇంకో కోణంలో కొలిచినా ఆకారం మారిపోతుంది. రిపోర్టులో గడ్డకు ఒకే కొలత రాసి ఉంటే, మూడు కొలతలూ రాయించమని అడగడం తప్పు కాదు.

నాలుగోది అంచు. నున్నగా ఉన్నా, మసకగా ఉన్నా సున్నానే. వంకరటింకరగా, ముళ్ళుముళ్ళుగా ఉంటే రెండు. గ్రంథి దాటి పక్క కండరంలోకి చొరబడితే మూడు.

ఐదోది తెల్ల చుక్కలు. ఇక్కడే తప్పులు ఎక్కువ జరుగుతాయి. గడ్డలో ఆవగింజ కన్నా చిన్న చుక్కలు మెరుస్తుంటే మూడు మార్కులు. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువగా వచ్చే పాపిల్లరీ రకంలో పేరుకునే సున్నపు రేణువులు అలాగే కనిపిస్తాయి. చిక్కేమిటంటే, ఏ హానీ లేని కొల్లాయిడ్ స్ఫటికాలు కూడా తెల్లగానే మెరుస్తాయి. తేడా తోకలో ఉంది. స్ఫటికం వెనక తోకచుక్కకు ఉన్నట్టు కిందికి సన్నబడే తెల్లని గీత కనిపిస్తుంది. నీటి గదుల్లో ఇలా స్పష్టమైన పెద్ద తోక ఉన్న చుక్కకు సున్నా మార్కులు. స్పాంజి రకం గడ్డల్లో నీటి గదుల వెనక గోడలు కూడా మెరిసి చుక్కల్లాగే మోసం చేస్తాయి. సున్నాకూ మూడుకూ తేడా ఇంత సన్నం.

ఇంకో మోసం కూడా ఉంది. ఎప్పుడో నీరుగడ్డ ఉండి, దాన్ని సిరంజితో తీయించేసుకున్నవాళ్ళలో మిగిలిన తిత్తి ముడుచుకుపోతుంది. అప్పుడది గట్టిగా, నల్లగా, నిలువుగా తయారై అచ్చం క్యాన్సర్ గడ్డలా కనిపిస్తుంది. పాత రిపోర్టు చూపిస్తే ఈ చిక్కు విడిపోతుంది. స్కానింగ్‌కు వెళ్ళేటప్పుడు పాత ఫిల్ములు పట్టుకెళ్ళమనేది ఇందుకే.

మార్కులే సర్వస్వం కాదు. మెడలో పక్కన బిళ్ళలు గుండ్రంగా మారి, వాటిలో తెల్ల చుక్కలో నీరో కనిపిస్తే, గడ్డ ఎంత చిన్నదైనా ముందు ఆ బిళ్ళలోనే సూది పెడతారు. చిన్నప్పుడు మెడకు రేడియేషన్ తగిలినవాళ్ళు, ఇంట్లో థైరాయిడ్ క్యాన్సర్ వచ్చినవాళ్ళు ఉంటే డాక్టరు హద్దుకు ముందే ఆలోచిస్తారు. రక్తంలో టీఎస్‌హెచ్ బాగా తక్కువుంటే మరో దారి ఉంది. హార్మోను ఎక్కువగా తయారుచేసే ‘హాట్’ గడ్డ ఏమో ఐసోటోప్ స్కాన్‌తో చూస్తారు. అది హాట్ అని తేలితే క్యాన్సర్ అవకాశం చాలా తక్కువ, సాధారణంగా సూది అక్కర్లేదు. అలాగని టీఎస్‌హెచ్ నార్మల్‌గా ఉంది కాబట్టి గడ్డ మంచిదే అనుకోకూడదు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళలో చాలామంది ఈ రెంటినీ కలిపేసుకుంటారు. హార్మోను లెక్క వేరు, గడ్డ లెక్క వేరు.

సూది పరీక్ష అంటే, స్కానింగ్‌లో చూస్తూ రక్తం తీసే సూది కన్నా సన్నటిదాన్ని గడ్డలోకి దింపి రెండు మూడుసార్లు కదిపి కాసిని కణాలు తీస్తారు. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మనవాళ్ళలో గట్టిగా ఉంది. ఇంత సన్నని సూదితో అలా జరగడం బహు అరుదు. కణాలు చాలక ‘తేలలేదు’ అని వస్తే క్యాన్సర్ అనీ కాదు, కాదనీ కాదు. మళ్ళీ చేయాల్సిందే.

అన్నిటికన్నా తెలుసుకోదగ్గ మెలిక ఇంకోటుంది. మన గృహిణికి సూది ఫలితం ‘మామూలు గడ్డ’ అని వచ్చిందనుకుందాం. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంటుంది. డాక్టరు మాత్రం ఫైలు మూయరు. స్కానింగ్ ఏడు మార్కులు వేసింది, సూది ఏమీ లేదంది. ఇద్దరు సాక్షుల మాట కలవడం లేదు. సూది కొన్నిసార్లు అసలు చోటు తప్పి పక్క కణాలు తెస్తుంది కాబట్టి ఇలాంటి గడ్డకు ఏడాది లోపల మళ్ళీ స్కానింగ్, మళ్ళీ సూది చెప్తారు. నాలుగు మార్కుల గడ్డకు అదే ఫలితం వచ్చి ఉంటే ఇంత తొందర ఉండదు.

మళ్ళీ స్కానింగ్‌లో 1.2 కాస్తా 1.3 అయితే దాన్ని పెరుగుదల కింద లెక్కపెట్టరు. కొలతలో అంత తేడా ఎవరి చేతిలోనైనా వస్తుంది. కనీసం రెండు కొలతలు ఐదో వంతు చొప్పున, అదీ రెండు మిల్లీమీటర్లకు తగ్గకుండా పెరగాలి. అంటే వెడల్పు 0.9 నుంచి 1.1కి, లోతు 1.2 నుంచి 1.5కి వెళ్ళాలి. అందుకే మొదటి రిపోర్టులోని ఆ మూడు అంకెలను ఎక్కడైనా భద్రంగా రాసి పెట్టుకోవాలి.