పెద్ద ఇంజిన్‌ ఎందుకు ఎక్కువ తాగుతుంది?

చిక్కడపల్లి నుంచి నారాయణగూడ మీదుగా కోఠిలో ఆఫీసుకి వెళ్లే బండి ఎక్కువసేపు రెండో గేరు, మూడో గేరులోనే నడుస్తుంది. 97 సీసీ స్ప్లెండర్‌ శక్తి సుమారు 8 హార్స్‌పవర్‌, పల్సర్‌ 150ది సుమారు 14. సిగ్నళ్ల మధ్య ఆ 14లో సగం కూడా పనికి రాదు. అయినా పెద్ద పిస్టన్‌ రాపిడినీ, దాదాపు మూసి ఉన్న థ్రాటిల్‌ గుండా గాలిని లాగే శ్రమనూ ఇంజిన్‌ భరించాల్సిందే. దానికీ పెట్రోలే కావాలి.

చిన్నది లీటరుకి 60 కిలోమీటర్లు, పెద్దది 45 ఇస్తాయనుకుందాం. నెలకు 270 కిలోమీటర్లు తిరిగితే 4.5 లీటర్లు, 6 లీటర్లు. తేడా లీటరున్నర, అంటే సుమారు 160 రూపాయలే! బండి ధరలో తేడా మాత్రం పాతిక, ముప్పై వేలు. ఇంత దగ్గరి ఆఫీసుకైతే జేబుకు చిల్లు పెట్టేది మైలేజీ కాదు, ధరే. వారం వారం వరంగల్‌ హైవే ఎక్కేవాళ్ల సంగతి వేరు: లారీని దాటేటప్పుడు ఆ 14 అక్కరకొస్తుంది.