బరువా, బిగువా?
రేవుపట్టణంలో ఒక పదకోశం కథ

మన దేశపు రేవులలో క్రేను కింద నిలబడి సరుకు ఎత్తించే కళాసీల నోట రెండు కేకలు తరతరాలుగా వినవస్తున్నవి. "హవిస్" అంటే పైకెత్తమని, "ఆరియా" అంటే కిందికి దించమని. వీటిలో రెండవది పోర్చుగీసు నావికులు విడిచిపోయిన మాట. దించుట అనే అర్థంగల వారి క్రియ నుండి అది పుట్టినది. ఇట్టి ఓడమాటలను పోగుచేసి, థామస్ రోబక్ అనే ఆయన 1811లో కలకత్తాలో ఇంగ్లీషు-హిందుస్తానీ నావికా నిఘంటువును వెలువరించినాడు. ఓడ అధికారి ఆజ్ఞ ఒకటై, కళాసీ గ్రహించినది మరొకటైతే ప్రాణహాని కలుగునని అతడు ఎరుగును. పారిభాషిక పదకోశం పండితుల వినోదం కాదని రేవువారికి అప్పుడే తెలుసునన్నమాట.

విశాఖపట్టణం రేవు 1933లో తెరువబడినది. ఉక్కు కర్మాగారానికి 1971 జనవరిలో శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టులో అది జాతికి అంకితమైనది. రేవూ కర్మాగారమూ ఒకే ఊరిలో ఉండడం వలన అనువాదకుడికి వింత చిక్కులు వస్తవి. "పిచ్" అనే ఇంగ్లీషు మాటను చూడండి. ఓడ పుస్తకంలో అది అలలపై ఓడ ముందుకూ వెనుకకూ ఊగుట. యంత్రాల పుస్తకంలో మరమేకు ఒక చుట్టుకూ తరువాతి చుట్టుకూ నడుమనున్న దూరం. కోక్ బట్టీల పుస్తకంలో తారును కాచి ఆవిరులు తీసివేయగా మిగిలిన నల్లని ముద్ద. మాటను పట్టుకొని అకారాది క్రమంలో అర్థం వ్రాసుకొంటూ పోయేవాడు ఈ మూడింటికీ ఒకే తెలుగుమాట పెట్టి కూర్చొనగలడు. అందుచేత తెలిసినవారు మాటలకు కాక భావాలకు చీట్లు వ్రాస్తారు. పిచ్ అనే మాటకు మూడు భావాలున్నవి గనుక మూడు చీట్లు. ప్రతి చీటీ మీద మొదట ఆ భావానికి తెలుగులో ఒక నిర్వచనం, తరువాత మూలగ్రంథంలో అది కనబడిన వాక్యం, ఆ తరువాతనే తెలుగు పదం. నిర్వచనం వ్రాయలేనివాడికి పదం పెట్టే అధికారం లేదు.

ఈ చిక్కు తారుమారుగా కూడ వస్తుంది. ఇంగ్లీషులో వేరువేరు మాటలుగా ఉన్న భావాలు తెలుగులోకి వచ్చి ఒకే మాటలో కలిసిపోతవి. ఇది మరింత ప్రమాదకరం. ఏలయనగా వాక్యం చదువుటకు హాయిగానే ఉంటుంది, తప్పు కంటికి కనబడదు. ప్రెషర్, స్ట్రెస్, టెన్షన్ అనే మూడింటికీ "ఒత్తిడి" అని వ్రాయడం మనకు అలవాటైపోయినది. పాఠ్యపుస్తకాలలో ఇవి క్రమంగా పీడనం, ప్రతిబలం, తన్యత.

ఈ కలగాపులగం వలన కలిగే కీడును ఒక లెక్కతో చూడవచ్చును. పది టన్నుల ఇనుపదిమ్మెను రెండు ఉక్కుతాళ్ళతో కట్టి, ఆ రెంటి కొనలను క్రేను కొక్కేనికి తగిలించినారనుకొందాం. తాళ్ళు నిట్టనిలువుగా ఉంటే ఒక్కొక్క తాటిలో లాగుడు ఐదు టన్నులు. తాళ్ళు వాలినకొద్దీ లాగుడు పెరుగుతుంది. అవి నేలతో 60 డిగ్రీల కోణం చేస్తే ఒక్కొక్కదానిలో సుమారు 5.8 టన్నులు, 30 డిగ్రీలే చేస్తే పూర్తిగా పది టన్నులు. దిమ్మె బరువు మారలేదు, తాడు మోసే లాగుడు మాత్రం రెట్టింపైనది. అనువాదకుడు దిమ్మె బరువునూ తాటిలోని లాగుడునూ "భారం" అనే ఒక్క మాటతోనే చెప్పినాడనుకోండి. అప్పుడు "భారం మారకపోయినను భారం రెట్టింపగును" అనే వాక్యం తయారవుతుంది. దానిని చదివిన కూలీ నవ్వి పుస్తకం మూసివేస్తే తప్పు అతడిది కాదు.

ఇంకొక గోతి "కోణం" అనే మాటలోనే ఉన్నది. కొన్ని పుస్తకాలు తాటికోణాన్ని నేల నుండి కొలుస్తవి, కొన్ని నిలువుగీత నుండి. మొదటి పద్ధతిలో 60 డిగ్రీలంటే 5.8 టన్నులు, రెండవ పద్ధతిలో అదే 60 డిగ్రీలంటే పది టన్నులు. తాటిమీద సురక్షితభారం ఆరు టన్నులని వ్రాసి ఉంటే, ఒక పుస్తకం ప్రకారం ఆ పని నిర్భయంగా చేయవచ్చును, రెండవదాని ప్రకారం చేయరాదు. ఒకే కర్మాగారంలో ఇద్దరు అనువాదకులు ఈ రెండు పుస్తకాలనూ తెనిగించి, ఇద్దరూ "కోణం" అని వ్రాసి ఊరకుంటే, పట్టికలోని అంకె సరియైనదే అయి కూడ మనిషిని మోసగిస్తుంది. పదకోశంలో "నేలకోణం", "నిలువుకోణం" అని రెండు చీట్లుండడమే దీనికి మందు.

ఇట్టి తప్పు వెంటనే బయటపడదు. ఉక్కుతాటికి సురక్షితభారం సాధారణంగా అది తెగే భారంలో ఐదవవంతు మాత్రమే నిర్ణయిస్తారు. ఆరు టన్నులని వ్రాసిన తాడు తెగడానికి ముప్ఫై టన్నులు కావలెను. పది టన్నుల లాగుడుకు అది తెగదు; ఐదురెట్ల రక్షణ మూడురెట్లకు దిగిపోతుంది, అంతే. పని జరిగిపోయినది గనుక అనువాదం సరియైనదేనని అందరూ అనుకొంటారు. ఆ తాడు అరిగిన తరువాత, క్రేను కుదుపుతో ఎత్తిన ఒకనాడు, మిగిలిన రక్షణ చాలకపోవచ్చును. అప్పుడు పుస్తకాన్ని ఎవరూ అనుమానించరు. "సురక్షితభారం", "తెగుభారం" అనే మాటలు చెవికి కూడ దూరంగా ఉండవలెనని పట్టుబట్టడం ఇందుకే. రెంటినీ "భారసామర్థ్యం" అని కప్పిపుచ్చిన అనువాదం కంటె ఇంగ్లీషు మాటలనే ఉంచిన అనువాదం మేలు.

ఇక టెన్షన్‌కు ఏ మాట? తాడు లాగే మనిషికి "బిగువు" సహజంగా వస్తుంది. పాఠశాలలో చదువుకొన్నవాడికి "తన్యత" తెలుసు. ద్రవాల తలతన్యత మొదలైన బంధువర్గమంతా ఆ మాటకున్నది; బిగువుకు అట్టి సంతానం లేదు. తెలుగు అకాడమి 1968లో ఏర్పడినప్పటి నుండి కళాశాలల పుస్తకాలు ఇట్టి సంస్కృత పదాలతోనే నడిచినవి. వాటిని ఇప్పుడు కదిలించుట పొరపాటు. అయితే రేవుకూలీ చేతికిచ్చే పుస్తకంలో బిగువే ఉండవలెను. పదకోశం చేయవలసినది ఈ రెండు మాటలకూ ఒకే భావసంఖ్య వేసి, ఒకచోట ప్రధానరూపమేదో, మరొకచోట ఏదో చెప్పడం. ఒక పుస్తకంలో మాత్రం రెండూ కలిసి రారాదు. పదవ పుటలో బిగువు, పన్నెండవ పుటలో తన్యత కనబడితే చదువరి అవి రెండు వస్తువులనే తలుస్తాడు.

వృత్తివారి మాటలు ఎట్లా పోగుచేయవలెనో భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశంలో చూపినారు. అది వ్యవసాయానికి సంబంధించిన సంపుటం. రైతుల వద్దకు పోయి విన్న మాటలను ఏ ప్రాంతంలో ఏది వాడుకలో ఉన్నదో తెలిసేటట్లు అందులో కూర్చినారు. క్రేను పుస్తకానికీ అదే పద్ధతి పనికివస్తుంది. తెనిగించిన వాక్యాన్ని తాడు కట్టేవాడికి చదివి వినిపించి, చేతితో చేసి చూపమనవలెను. అతడు చూపినదానిని, మూలం చూడని మరొకరు తిరిగి ఇంగ్లీషులో వ్రాయవలెను. ఆ వ్రాత మూలంతో సరిపోలని చోట చీటీ మార్చవలెను.

ఈ పరీక్షలో "ఆరియా" అనే మాట ఎప్పుడూ తప్పదు. దానిని తీసివేసి "అవరోహణం" అని పెట్టవలెననే ఉత్సాహవంతుడు ఎక్కడనో ఒకడుంటాడు. ఆ చీటీ ఇట్లు ఉంటే చాలును: ఆరియా, కేక, కొక్కేన్ని నెమ్మదిగా కిందికి దించుమని ఆజ్ఞ, పర్యాయపదం లేదు, వాడరాదు.