‘గేటు ఎంత?’ అంటే... ముందు కొలత అడగాలి
అంకె తొందరపడితే వెల్డింగు షాపుకే నష్టం

ఇల్లు కట్టుకుంటున్న వారు ఇప్పుడు గేటు కోసం షాపుల చుట్టూ తిరగడం తగ్గించారు. ఎక్కడో నచ్చిన గేటును ఫొటో తీసి, నాలుగైదు వెల్డింగు షాపులకు వాట్సాప్‌లో పంపుతున్నారు. దాని కింద ‘ఎంత?’ అన్న ఒక్క మాటే ఉంటుంది. బేరం చేజారుతుందేమోనన్న ఆత్రుతతో కొందరు వెంటనే ఒక అంకె రాసేస్తారు. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఫొటోలో నమూనా కనిపిస్తుందే తప్ప కొలత తెలియదు. పది అడుగుల వెడల్పు, అయిదు అడుగుల ఎత్తు ఉన్న గేటు 50 చదరపు అడుగులు. అదే నమూనాను 12 అడుగుల వెడల్పు, ఆరు అడుగుల ఎత్తున చేస్తే 72 చదరపు అడుగులవుతుంది. ఉదాహరణకు చదరపు అడుగుకు 400 రూపాయలు అనుకుంటే మొదటిది 20,000, రెండోది 28,800. చిన్న గేటును ఊహించుకుని 20,000 అని రాసిన పనివాడు తరువాత 8,800 పెంచితే, కొనేవారికి అది మాట తప్పడంగానే తోస్తుంది. మొదట విన్న అంకే వారి మనసులో నిలిచిపోతుంది మరి.

రేకు మందం కూడా ఫొటోలో తెలియదు. ఒక మిల్లీమీటరు మందమున్న ఇనుప రేకు చదరపు అడుగుకు సుమారు 730 గ్రాములు తూగుతుంది. ఆ లెక్కన 72 చదరపు అడుగుల గేటుకు 1.6 మిల్లీమీటర్ల రేకు (16 గేజి) దాదాపు 84 కిలోలు, 1.2 మిల్లీమీటర్ల రేకు (18 గేజి) 63 కిలోలు పడుతుంది. రంగు వేశాక రెండూ ఒకేలా ఉంటాయి. తక్కువ ధర చెప్పిన షాపు ఏ రేకు వాడుతోందో అడగనిదే తెలియదు.

జవాబు ఇలా..
మౌనంగా ఉండరాదు, అంకె కూడా వేయరాదు. ధర చెబుతానని ముందే మాట ఇచ్చి, ఇంటి దగ్గర ఉన్నవారు సులువుగా చెప్పగల సంగతులు మాత్రమే అడగాలి. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘నమస్కారమండీ. గేటు ధర చెబుతాను. రెండు పిల్లర్ల మధ్య వెడల్పు, గేటు ఎత్తు ఎన్ని అడుగులు? రెండు తలుపుల గేటా, పక్కకు జరిగేదా? ఏ ఊరు? పిల్లర్ల దగ్గర ఫొటో ఒకటి పంపండి. అవి అందిన రోజే లెక్క పంపుతాను.’

ఇందులో ప్రతి ప్రశ్నకూ కారణం ఉంది. పక్కకు జరిగే గేటుకు కింద పట్టా, చక్రాలు అదనం. అంతేగాక గేటు ఎంత వెడల్పుంటే అంత ఖాళీ గోడ పక్కన ఉండాలి. 12 అడుగుల గేటును రెండు తలుపులుగా చేస్తే, ఒక్కో తలుపు తిరగడానికి ఆరు అడుగుల చోటు కావాలి. వాహనం నిలిపే స్థలం చిన్నదైతే ఈ సంగతి ఫొటోలోనే బయటపడుతుంది. ఊరు తెలిస్తేగాని రవాణా, బిగింపు ఖర్చు లెక్కకు రాదు.

గేజి ఎంత కావాలని మాత్రం అడగరాదు. కొనేవారిలో చాలామందికి అది తెలియదు. కొలతలు వచ్చాక రెండు మందాలకూ రెండు ధరలు రాసి, తేడా ఒక వాక్యంలో చెబితే ఎంపిక వారే చేసుకుంటారు.

ప్రశ్నలు మూడు నాలుగు దాటితే అడిగినవారు పక్క షాపుకు వెళ్లిపోతారు. ‘కొలతలు ఇంకా తీయలేదు, ఇంచుమించు చెప్పండి’ అని పట్టుబడితే ఒకే అంకె కాకుండా షరతుతో రెండు ఇవ్వాలి. ‘10కి 5 అయితే సుమారు 20,000, 12కి 6 అయితే సుమారు 29,000. కొలతలు చూశాకే ఖాయం’ అంటే సరిపోతుంది.

చివరి ధర పంపేటప్పుడు కొలత, రేకు మందం, ప్రైమరు, రంగు, తాళం గడియ, రవాణా, బిగింపుల్లో ఏవి కలిశాయో, ఏవి కలవలేదో అదే సందేశంలో రాయాలి. జీఎస్టీ సంగతీ చెప్పాలి. ఇనుము ధర మారుతుంటుంది కనుక ఆ ధర ఎన్ని రోజులు చెల్లుతుందో తెలపాలి.

ఇంత చేసినా, కొనేవారు పంపిన కొలతతో ఇనుము కోయరాదు. పిల్లర్లు ఒక్కోసారి నిట్టనిలువుగా ఉండవు. పనివాడే వెళ్లి కింద, మధ్యన, పైన మూడు చోట్ల వెడల్పు తీసి, తక్కువ వచ్చినదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ధరలో తేడా వస్తే బయానా తీసుకోకముందే చెప్పాలి.